పై అంకె, కింది అంకె: అన్నయ్యకు రాసిన ఉత్తరం

అన్నయ్యా,

ఆదివారం రాత్రి నువ్వు పంపిన ఫొటోలు చూశాను. పదిన్నరకు 148/92, వెంటనే 153/95, ఆ వెంటనే 158/96, పదకొండు దాటాక 161/98. కింద "వీటిలో ఏది నిజం?" అని అడిగావు. నాలుగూ నిజమే, మిషను అబద్ధం చెప్పలేదు. పెరిగిందేమోనన్న భయంతో పట్టీ కట్టుకుని, పెరిగిందని చూసి ఇంకా భయపడి, మళ్లీ మీట నొక్కితే అంకె అలాగే ఎక్కుతుంది. కానీ ఆ నాలుగింటిలో ఏ ఒక్కటీ నీ బీపీ కాదు. బీపీ నిమిష నిమిషానికీ మారుతుంది. మెట్లెక్కితే ఒకటి, మాట్లాడుతుంటే ఒకటి, నిద్రలో పగటి కన్నా పది ఇరవై శాతం తక్కువ. వైద్యానికి పనికొచ్చేది కొన్ని రోజుల సగటు మాత్రమే.

ముందు అంకెల సంగతి. గుండె ముడుచుకుని రక్తాన్ని ధమనుల్లోకి నెట్టేటప్పుడు వాటిలో కలిగే గరిష్ఠ ఒత్తిడి పై అంకె, సిస్టాలిక్. మీ మిషను మీద SYS దగ్గర కనిపించేది అదే. గుండె సడలి, తరువాతి దెబ్బకు రక్తం నింపుకుంటున్నప్పుడు ధమనుల్లో మిగిలి ఉండే కనిష్ఠ ఒత్తిడి కింది అంకె, డయాస్టాలిక్, అంటే DIA. గుండె సడలినప్పుడు ఒత్తిడి సున్నాకు ఎందుకు పడిపోదంటే, పెద్ద ధమనులకు సాగే గుణం ఉంది. రక్తం వచ్చినప్పుడు అవి సాగుతాయి, గుండె ఆగిన ఆ కాస్త వ్యవధిలో తిరిగి ముడుచుకుంటూ రక్తాన్ని ముందుకు తోస్తూనే ఉంటాయి. ఈ మాట గుర్తుంచుకో, అమ్మ దగ్గరికి వచ్చేటప్పుడు అవసరం పడుతుంది. మూడో అంకె నాడి వేగం, బీపీతో కలపకు.

కొలత పాదరసం మిల్లీమీటర్లలో. 120 అంటే 120 మిల్లీమీటర్ల పాదరసాన్ని నిలబెట్టగల ఒత్తిడి. అదే నీళ్లయితే మీటరున్నర పైనే నిలబడతాయి. స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లండు మతగురువు గుర్రం ధమనిలో గాజు గొట్టం పెట్టి చూస్తే రక్తం ఎనిమిది అడుగులు దాటి లేచిందని 1733లో రాశాడు. మనకు ఆ తిప్పలు లేవు, పట్టీ చాలు. ఒక సంగతి మాత్రం తెలిసి ఉండాలి. డాక్టరు స్టెతస్కోపుతో వింటున్నట్టు మీ మిషను వినదు. పట్టీ గాలి తగ్గుతున్నప్పుడు ధమని కొట్టుకోవడం వల్ల పుట్టే సన్నని కదలికలను పట్టుకుని, వాటి నుంచి పై అంకెనూ కింది అంకెనూ లెక్క కడుతుంది. చెయ్యి కదిపినా, మాట్లాడినా, నాడి లయ తప్పినా ఆ లెక్క చెడుతుంది. తెర మీద లయ తప్పిన గుర్తు తరచుగా వస్తే మిషను పాడైందనుకోవద్దు, ఈసీజీ తీయించుకోవాలి.

ఇప్పుడు మీ ఇంట్లో ముగ్గురి సంగతి. నువ్వు పంపిన చీటీ చూసి నవ్వొచ్చింది. మెడిసిన్ విద్యార్థులకు పాఠం చెప్పడానికి ఏరి కూర్చినట్టున్నాయి మీ ముగ్గురి అంకెలూ.

వదినది 108/64. "కింది అంకె మరీ తక్కువ, నీరసం అందుకేనా" అని నీ అనుమానం. కాదు. కళ్లు తిరగడం, తూలిపడటం లేనప్పుడు 108/64 ఆరోగ్యమైన బీపీ. ఆ నీరసానికి ముందు హిమోగ్లోబిన్ చూపించు. ఉప్పు నీళ్లు తాగించడం మాత్రం ఆపు.

అమ్మది 158/66. కింది అంకె బాగుంది కదా అని నువ్వు ఊరుకున్నావు. డెబ్బై దాటినవాళ్లలో ఎక్కువగా కనిపించే రకం ఇదే. వయసుతో పెద్ద ధమనులు బిరుసెక్కుతాయి. గుండె నెట్టినప్పుడు అవి సాగవు కాబట్టి పై అంకె పెరుగుతుంది. సాగనివి తిరిగి తోయలేవు కాబట్టి కింది అంకె పడిపోతుంది. యాభై దాటాక సాధారణంగా కింది అంకె నెమ్మదిగా దిగుతుంటే పై అంకె మాత్రం ఎక్కుతూనే పోతుంది. రెండింటి మధ్య తేడా అమ్మకు 92, వదినకు 44. ఆ తేడా పెరగడం మంచి సంకేతం కాదు. "వయసుకు నూరు కలిపితే వచ్చేది సరైన బీపీ" అని మన పెద్దవాళ్లు చెప్పే లెక్కను నమ్మకు. వయసుతో బీపీ పెరగడం చాలామందిలో జరుగుతుందన్నది నిజం, అది హాని చేయదన్నది నిజం కాదు. పక్షవాతానికి పై అంకె ఒక్కటే పెరిగినా చాలు. అలాగని అమ్మ మాత్రల మోతాదు నువ్వు పెంచకు. గుండెకు రక్తం అందించే ధమనుల్లోకి రక్తం ఎక్కువగా ప్రవహించేది గుండె సడలిన సమయంలోనే. కింది అంకె ఇప్పటికే 66 ఉన్న మనిషికి మందు పెంచాలా వద్దా అన్నది ఆవిడను చూసే డాక్టరు తూచి నిర్ణయించాలి. నువ్వు చేయగలిగింది ఒకటుంది. ఆవిడ మంచం మీద ఐదు నిమిషాలు పడుకున్నాక ఒకసారి, లేచి నిలబడ్డ నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడు. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే రాసిపెట్టి డాక్టరుకు చెప్పు. తెల్లవారుజామున స్నానాల గదికి వెళుతూ పడిపోయే పెద్దవాళ్లలో కొందరి కథ ఇదే.

ఇక నీ సంగతి. బుధవారం నేను చెప్పినట్టు కూర్చుని చూసినవి ఇవి: పొద్దున 138/91, 134/89, సాయంత్రం 132/88, 136/88. సగటు 135/89. ఆదివారం నాటి 161తో పోలిస్తే ఎంత దూరమో చూడు. ఇంట్లో చూసుకున్న సగటు 135/85 దగ్గర మొదలై పైకి ఉంటే దాన్ని అధిక రక్తపోటు అంటాం. ఆసుపత్రిలో చూస్తే ఆ గీత 140/90. ఇంట్లో గీత కాస్త కిందికి ఎందుకంటే, డాక్టరు ముందు కూర్చుంటే చాలామందికి నాలుగైదు అంకెలు ఊరికే పెరుగుతాయి. అమెరికా వైద్య సంఘాలు 2017 నుంచి 130/80 దగ్గరే గీత గీశాయి, కాబట్టి ఇంటర్నెట్టులో రెండు రకాల పట్టికలూ కనిపించి తికమక పడతావు. ఏ గీత తీసుకున్నా నియమం ఒకటే: రెండు అంకెల్లో ఏ ఒక్కటి దాటినా దాటినట్టే. "పైది అంచు మీదే ఉంది, పరవాలేదు" అనుకోవడానికి లేదు. నీ 89 అప్పటికే గీత దాటింది. నలభై తొమ్మిదేళ్లకు, ఆ పొట్టతో, కింది అంకె ముందుగా పెరగడం మామూలే. ఇది మున్ముందు పై అంకెను కూడా లాక్కుపోతుంది. నలభై నుంచి డెబ్బై ఏళ్ల మధ్య వాళ్లలో పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పెరిగిన కొద్దీ గుండెపోటుతో, పక్షవాతంతో పోయే ప్రమాదం సుమారు రెట్టింపవుతుందని పెద్ద అధ్యయనాల లెక్క. భయపెట్టడానికి కాదు, "నాకేం తలనొప్పి లేదుగా" అన్నావు చూడు, దానికి జవాబు. అధిక రక్తపోటుకు సాధారణంగా ఏ లక్షణమూ ఉండదు. తల తిరిగినప్పుడు మాత్రమే మిషను తీసేవాళ్లకు అసలు సంగతి ఎప్పటికీ తెలియదు.

అయితే ఒక్కరోజు సగటుతో నీకు పేరు పెట్టను. వచ్చే సోమవారం నుంచి వారం రోజులు చూసి రాయి. పొద్దున లేచి మూత్రానికి వెళ్లి వచ్చాక, కాఫీ, టిఫిను కన్నా ముందు రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం విరామంతో. రాత్రి భోజనానికి ముందు అలాగే రెండుసార్లు. మొదటి రోజువి కొట్టేయి, మిగిలిన ఆరు రోజులవీ కలిపి సగటు తీయి. నచ్చని అంకె వచ్చిందని మూడోసారి నొక్కకు, తక్కువ వచ్చినవి ఏరి రాయకు. ఇది నీకు ప్రత్యేకంగా చెబుతున్నాను, పదో తరగతి ప్రోగ్రెస్ కార్డు నాకు ఇంకా గుర్తుంది.

కూర్చునే తీరు మీదే సగం ఆధారపడి ఉంది. ఫొటోలో నువ్వు మంచం అంచున, వెన్ను దేనికీ ఆనించకుండా, కాలు మీద కాలు వేసుకుని, చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఉన్నావు. నాలుగూ తప్పే, నాలుగూ అంకెను పెంచేవే. వెన్ను ఆనే కుర్చీలో కూర్చో, రెండు పాదాలూ నేల మీద ఆనించు. ముంజేయి బల్ల మీద పెట్టి, పట్టీ గుండె ఎత్తులో ఉండేలా చూసుకో. గుండె కన్నా పది సెంటీమీటర్లు కిందికి ఉంటే అంకె ఏడెనిమిది పెరుగుతుంది. పట్టీ చొక్కా మీద కాదు, ఒంటి మీద, మోచేతి మడతకు రెండు వేళ్లు పైన. ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాకే మీట నొక్కు, ఆ సమయంలో టీవీ వార్తలు వద్దు. కాఫీ, సిగరెట్టు అయ్యాక అరగంట ఆగాలి. సిగరెట్టు మానేశానన్నావు, నమ్ముతున్నాను.

పట్టీ కొలత కూడా చూడు. పట్టీ మీద ఎన్ని సెంటీమీటర్ల చేతికో రాసి ఉంటుంది. నీ జబ్బ చుట్టూ టేపు పెట్టి కొలిచి పోల్చు. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కనిపిస్తుంది. మొదటిరోజు రెండు చేతులకూ చూసి, తేడా ఉంటే ఎక్కువ వచ్చిన చేతికే ఇకపై కట్టు. ఆ తేడా మళ్లీ మళ్లీ పదిహేను దాటుతుంటే నాకు చెప్పు. మణికట్టుకు కట్టే మిషను కొందామన్నావు, వద్దు.

ఈ వారం మోకాలి నొప్పికి మందుల షాపులో కొనుక్కునే డైక్లోఫెనాక్ మాత్ర వేసుకోకు. అలాంటి నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, బీపీ మందుల పనిని తగ్గిస్తాయి. ఉప్పు రోజుకు ఐదు గ్రాముల లోపు, అంటే ఒక చెంచా లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కూరలో తగ్గించి, ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడం పక్కన పెట్టుకుంటే లెక్క మళ్లీ మొదటికే.

ఇంకొకటి, అర్ధరాత్రి నాకు ఫోను చేయాలా వద్దా అన్నది. 180/120 దాటితే, ఏ బాధా లేకపోతే, ఐదు నిమిషాలు నెమ్మదిగా కూర్చుని మళ్లీ చూడు. అప్పటికీ తగ్గకపోతే అదే రోజు డాక్టరుతో మాట్లాడాలి. ఆ అంకెతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, చెయ్యో కాలో పట్టు తప్పడం, మాట తడబడటం, చూపు మసకబారడం ఏది ఉన్నా రెండోసారి చూస్తూ కూర్చోవద్దు, నాకూ చేయవద్దు, 108కి చెయ్యి. అంకె ఎంత ఉన్నా సరే, ఈ లక్షణాలు వస్తే వెంటనే వెళ్లాలి. నాలుక కింద ఏదో మాత్ర పెడితే దిగుతుందని పక్కింటివాళ్లు చెబుతారు. పెట్టనివ్వకు, ఒక్కసారిగా దింపడం వల్ల మెదడుకు రక్తం చాలకపోయే ప్రమాదం ఉంది.

వారం పట్టిక పూర్తయ్యాక ఫొటో పంపు. మందు అవసరమా, నడకతో, పొట్ట తగ్గించుకోవడంతో మూడు నెలలు చూద్దామా అన్నది కిడ్నీ, షుగరు, కొలెస్టరాల్ పరీక్షలు చూశాక చెబుతాను. వచ్చేటప్పుడు మిషను కూడా పట్టుకురా, మా క్లినిక్‌లోని దానితో ఒకసారి సరిచూద్దాం.

నీ చెల్లెలు