స్టడీ ఛానెల్ కోసం కిటికీ వాన లూప్ వీడియో ప్రాంప్ట్

పది సెకన్ల వీడియో కావాలె, 16:9, 3840×2160, సెకనుకు 24 ఫ్రేములు, సౌండ్ వద్దు, వాన చప్పుడు నేను వేరేగ కలుపుకుంట. ఒక్కటే షాట్. కెమెరా స్టాండ్ మీద పెట్టి మర్చిపోయినట్టు ఉండాలె, జూమ్ వద్దు, పక్కకు తిరుగుడు వద్దు, మెల్లగ ముందుకు జరుగుడు గూడ వద్దు.

సీన్ ఏందంటే హనుమకొండల ఒక గల్లి, డాబా ఇంటి మొదటి అంతస్తుల కిరాయి రూము, ఆగస్టు నెల, పొద్దుగూకి స్తంభాల లైట్లు పడ్డ టైము, పొద్దటి నుంచి పట్టిన ముసురు ఇంకా ఇడువలే. టేబుల్ కాడ కూసున్నోళ్లకు ఎట్ల కనవడ్తదో గట్లనే కనవడాలె. కిటికికి లోపలి దిక్కు ఇనుప సలాకలు నిలువుగ, రంగు అక్కడక్కడ లేసిపోయి, వాటెనక గ్లాసు రెక్కలు మూసి ఉన్నయ్. పైన సజ్జ ఉంటది కాబట్టి గ్లాసు పై భాగంల చినుకులు తక్కువ, కిందికి వచ్చినా కొద్ది ఎక్కువ. ఇది మర్చిపోవద్దు, గ్లాసంత ఒక్క తీరుగ తడిపితే నల్లా కింద పెట్టినట్టు అయితది.

ఫోకస్ గ్లాసు మీదున్న బొట్ల మీదనే. చిన్న బొట్లు ఎక్కడియక్కడ అతుక్కొని ఉండాలె, కొన్ని పక్కదాంట్ల కలిసి లావయ్యి, బరువాగక కిందికి జారాలె, జారేటప్పుడు సక్కగ గీత గీసినట్టు కాదు, జరంత ఆగి, వంకర తిరిగి, ఇంకో బొట్టును కలుపుకొని మళ్ల ఉరకాలె, ఎనక సన్నటి చుక్కలు వదులుకుంట పోవాలె. దగ్గరికెళ్లి చూస్తే ఒక్కో బొట్టుల బయటి గల్లి తలకిందులుగ కనవడ్తది, అంటే వెలుగు ఉన్న ఆకాశం బొట్టు కింది అంచుకు, చీకటి గోడలు పై అంచుకు. అందరు ఇక్కడనే తప్పు చేస్తరు, బొట్టుకు ఊకె తెల్ల మెరుపు పెట్టి ఇడుస్తరు, ప్లాస్టిక్ పూసల లెక్క అయితది.

బయట అంత మసకగ. ఒక యాప చెట్టు కొమ్మ, పసుపు పచ్చ వీధి లైటు ఒకటి, ఎదురింటి డాబా మీద నల్ల నీళ్ల ట్యాంకు, దూరంగ పద్మాక్షి గుట్ట నల్లటి ఆకారం. గుడి గోపురాలు, తోరణం గిట్ల పెట్టకు, వరంగల్ అని తెలువాలని గుర్తులన్నీ కుక్కితే చదువుకునేటోళ్లు వాటినే చూసుకుంట కూసుంటరు. కొమ్మ కదలాలె గని ఒక్క గాలి ఊపు తోటి కాదు, సన్నగ, పోయిన కాడికే తిరిగొచ్చేటట్టు.

ఇగ అసలు సంగతి లూపు. పది సెకన్లు అంటే 240 ఫ్రేములు, 240వ దాని తర్వాత 1వది వచ్చినా ఎక్కడ అతుకు పడ్డదో కంటికి దొరకొద్దు. మొదటి ఫ్రేమే చివర్ల మళ్ల పెట్టొద్దు, అట్ల పెడితే ఆ ఒక్క ఫ్రేమ్ రెండుసార్లు వచ్చి గుండె ఆగినట్టు టక్కున ఆగుతది. చివరి ఫ్రేమ్ అంటే మొదటిదానికి ఒక్క అడుగు ముందట ఉన్నది. గ్లాసు తడి మొదట్ల ఎంతుందో చివర్ల అంతే ఉండాలె, వాన పెరుగుడు తగ్గుడు వద్దు. లావు బొట్లు మూడో నాలుగో జారితే చాలు, వేరేవేరే టైముల, వేరేవేరే జాగల, అతుకు కాడ ఏదీ సగం తొవ్వల ఉండొద్దు. డిజాల్వ్ చేసి కప్పొద్దు, రెండు బొట్లు దయ్యాల లెక్క ఒకదాంట్లకెల్లి ఇంకోటి కనవడ్తయ్.

మా సెషన్ మూడు గంటలు, అంటే ఇదే ముక్క 1080 సార్లు తిరుగుతది. అందుకే మెరుపు, ఉరుము వెలుగు, పొయ్యే బండి హెడ్‌లైటు, పిట్ట, గొడుగు పట్టుకున్న మనిషి, పిల్లి ఏదీ వద్దు. ఒక్కసారి ముద్దుగుంటది, మూడోసారికే "ఆ పిల్లి మళ్లొచ్చిందిరా" అంటరు. ఛాయ్ కప్పు గూడ వద్దు, ఆవిరి లూపు ఎన్నడు సక్కగ కలువది. గడియారం అసలే వద్దు.

కింద టేబుల్ అంచు సన్నగ, దాని మీద మూసిన నోట్‌బుక్ ఒకటి, అట్ట మీద అక్షరాలు వద్దు, తెలుగు రాయబోయి పిచ్చి గీతలు గీస్తవు. ఎడమ దిక్కు కింద మూల చీకటిగ, ఖాళీగ ఉంచు, 25 నిమిషాల టైమర్ అక్కడ పెడ్త. బల్బు వెలుగు కుడి దిక్కు నుంచి, వెచ్చగ, మినుకుమినుకుమనొద్దు, బయట నీలి బూడిద రంగు. మొత్తం మీద వెలుగు తక్కువనే, రాత్రిపూట లైటు బంద్ చేసి చూసేటోళ్ల కండ్లకు గుచ్చుకోవద్దు.

వద్దన్నయి ఇంకోసారి: మనుషులు, అక్షరాలు, లోగో, పొగమంచు, యూరప్ తీరు ఇండ్లు, స్లో మోషన్, బొట్లు పైకి పోవుడు, సలాకలు వంగుడు. మొదలు నాలుగు రకాలు తియ్యి, సీను వెలుగు అన్నీ గివే, బొట్ల జాగలు మాత్రం మార్చు.