చందూకి, అమ్మ బ్యాండు గురించి

చందూ, నువ్వు పంపిన రెండు లింకులూ చూశా. పల్స్ చూసే ఆ రెండు చేతి బ్యాండ్లలో శాంసంగ్ గెలాక్సీ ఫిట్3 తీసుకుందాం, ఫిట్‌బిట్ ఇన్‌స్పైర్ 3 వద్దు. ఆర్డర్ పెట్టేముందు ఇదంతా చదువు. ఆదివారం చెన్నై వచ్చి మీ పెద్దమ్మ చేతికి కట్టి, సెట్టింగులు పెట్టాల్సింది నువ్వే కదా.

అమ్మ అడిగింది ఒక్కటే. ఊరికే కూర్చున్నప్పుడు పల్స్ బాగా పెరిగినా, బాగా తగ్గినా చేతి మీద తెలియాలి. ఆ పని రెండూ ఒకే తీరున చేస్తాయి. మనిషి కదలకుండా ఉన్నప్పుడు పల్స్ మనం పెట్టిన హద్దు దాటి ఓ పది నిమిషాలు అలాగే ఉంటేనే వైబ్రేట్ అవుతాయి. మెట్లెక్కి 120 దాటితే మోగవు, మోగకూడదు కూడా. దేనికీ స్పీకర్ లేదు, వైబ్రేషన్ మాత్రమే. ఇసిజి కూడా దేంట్లోనూ లేదు. కాబట్టి ఎంచుకోవాల్సింది పల్స్ లెక్క చూసి కాదు, మిగతావి చూసి.

మొదటిది తెర. ఇన్‌స్పైర్ 18.6 మిల్లీమీటర్ల వెడల్పు, సన్నటి పట్టీలా ఉంటుంది. చేతికి హాయిగానే ఉంటుంది, రాత్రి పడుకున్నా తెలియదు. కానీ అంత చిన్న తెర మీద అంకె చదవాలంటే అమ్మ కళ్ళజోడు వెతుక్కోవాలి. వైబ్రేట్ అయిన క్షణంలో కళ్ళజోడు వంటింట్లో, మనిషి హాల్లో ఉంటే ఆ అలర్ట్ ఎందుకు? ఫిట్3 తెర 1.6 అంగుళాలు, వెడల్పు 28.8 మిల్లీమీటర్లు. పల్స్ అంకె పెద్దగా కనబడే వాచ్‌ఫేస్ పెడితే చేయి తిప్పి చూస్తే చాలు.

రెండోది ధర. మన దేశంలో వచ్చినప్పుడు ఫిట్3 4,999 రూపాయలు, ఇన్‌స్పైర్ 8,999. ఇప్పుడు ఆఫర్ల వల్ల అటూ ఇటూ అవుతాయి, అయినా తేడా తేడానే.

ఇన్‌స్పైర్ వైపు మంచి కూడా చెప్పాలి. ఒక్క యాప్ వేసి గూగుల్ అకౌంట్ ఇస్తే చాలు, ఐఫోన్‌తోనూ పనిచేస్తుంది. ఫిట్3 ఆండ్రాయిడ్‌తో మాత్రమే. అమ్మ ఫోన్ ఆండ్రాయిడే, కానీ శాంసంగ్ కాదు. అందుకని గెలాక్సీ వేరబుల్, దానికి తోడు ప్లగిన్, శాంసంగ్ హెల్త్ అన్నీ వేయాలి. అరగంట చేతిలో పెట్టుకుని కూర్చో. రేపు మీ అన్నయ్య తన పాత ఐఫోన్ అమ్మకి ఇస్తానంటే మాత్రం ఫిట్3 పనికిరాదు, ఆ మాట వాడికి ఇప్పుడే చెప్పు.

ఫిట్3లో ఇంకోటి ఉంది. పక్క బటన్ ఐదుసార్లు నొక్కితే మనకి ఎస్ఓఎస్ వెళ్తుంది, పడిపోయినా గుర్తుపడుతుంది. ఇన్‌స్పైర్‌లో ఇవి లేవు. కానీ ఆ మెసేజ్ ఫోన్ ద్వారానే పోతుంది. ఫోన్ దేవుడి గదిలో ఛార్జింగ్‌లో ఉండి అమ్మ మేడ మీద వడియాలు పెడుతుంటే బ్లూటూత్ అందదు, మెసేజ్ రాదు. పల్స్ అలర్ట్‌కి ఆ బెడద లేదు, అది బ్యాండే ఇస్తుంది.

ఇక సెట్టింగులు. శాంసంగ్ హెల్త్‌లో ముందు పుట్టిన తేదీ, బరువు సరిగ్గా పెట్టు. హార్ట్ రేట్ సెట్టింగ్స్‌లో Measure continuously ఎంచుకో. Manual only ఉంటే బ్యాండ్ తనంతట తాను కొలవదు, అలర్టూ రాదు. తర్వాత ఎక్కువ, తక్కువ హద్దులు. డాక్టరు గారు చెప్పినవి పైన 120, కింద 45. నీకు తోచింది పెట్టకు. విశ్రాంతిలో మామూలు పల్స్ 60 నుంచి 100 అంటారు గానీ, అమ్మ బీపీకి వేసుకునే మెటోప్రొలాల్ పల్స్‌ని తగ్గిస్తుంది, నిద్రలో ఇంకా దిగుతుంది. కింద 50 పెడితే రాత్రి రెండింటికి ఊరికే లేపుతుంది. రెండు రాత్రులు అలా లేపితే మూడో రోజు బ్యాండ్ బీరువాలో ఉంటుంది.

అసలు ముఖ్యమైనది ఇది: నోటిఫికేషన్లన్నీ ఆపెయ్. వాట్సాప్, మన ఫ్యామిలీ గ్రూపు గుడ్ మార్నింగులు, బ్యాంకు మెసేజ్‌లు, ఒక్కటీ బ్యాండ్‌కి రాకూడదు. లేచి నడవమని చెప్పే రిమైండర్ కూడా ఆపు. రోజుకి నలభైసార్లు వణికే బ్యాండ్‌లో నలభై ఒకటోది పల్స్ అని అమ్మ ఎలా కనిపెడుతుంది? ఫోన్ కాల్ ఒక్కటి కావాలంటే ఉంచు, నేనైతే అదీ వద్దంటాను. వైబ్రేషన్ బలం ఎక్కువలో పెట్టు.

కట్టుకునే తీరు తప్పితే రీడింగ్ తప్పుతుంది. వెనక ఉన్న ఆకుపచ్చ లైటు చర్మానికి ఆనుకుని ఉండాలి. మణికట్టు ఎముక మీద కాదు, దానికి ఒక వేలు వెడల్పు పైకి, మోచేయి వైపు. గాజులు బ్యాండ్‌కి ముందు, వేళ్ళ వైపు ఉండాలి. అటూ ఇటూ జరిగి తగులుతుంటే లైటు అంచు లేచి వెలుతురు లోపలికి పోతుంది, అంకెలు గెంతుతాయి. అందుకే ఆ చేతికి రెండు గాజులు తగ్గించమను. అమ్మ ఎడమ చేతి మీద పచ్చబొట్టు ఉంది, దాని రంగు ఆ వెలుతురుని మింగేస్తుంది, కనక కుడిచేతికే కట్టు. బిగింపు ఎంతంటే, కట్టాక చిటికెనవేలు కష్టం మీద దూరాలి. చపాతీలు ఒత్తేటప్పుడు, గబగబా నడిచేటప్పుడు ఒక్కోసారి చేతి ఊపునే పల్స్ అనుకుని 110 అని చూపిస్తుంది. దానికి కంగారు పడొద్దని చెప్పు.

మన చెన్నై చెమటకి పట్టీ కింద ఉప్పు పేరుకుని దద్దుర్లు వస్తాయి. రోజుకోసారి తీసి మంచినీళ్ళతో కడిగి, చేయీ బ్యాండూ రెండూ ఆరాక కట్టుకోవాలి. కొబ్బరినూనె రాసుకున్న చేతికి వెంటనే కట్టొద్దు. ఛార్జింగ్ 13 రోజులు వస్తుందని కంపెనీ మాట. నిత్యం కొలిస్తే అంత రాదు, కాబట్టి వారానికోసారి తలంటు పోసుకునే పూటే ఛార్జింగ్ పెట్టమందాం. అలా అయితే మర్చిపోదు.

కట్టిన రోజే ఒకసారి సరిచూడు. అమ్మని ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, బొటనవేలి మొదట్లో మణికట్టు దగ్గర చూపుడువేలు, నడిమివేలు ఆనించి 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చెయ్. బ్యాండ్‌కీ దానికీ ఐదారు తేడా ఉంటే పర్లేదు. ఇరవై ఉంటే కట్టింది తప్పు. అమ్మకి కూడా ఆ లెక్క నేర్పు. అలర్ట్ వస్తే కూర్చుని, ఓ ఐదు నిమిషాలాగి, చేత్తో చూసుకుని, అప్పటికీ అలాగే ఉంటే నాకు ఫోన్ చెయ్యాలి. గుండెల్లో నొప్పి, కళ్ళు తిరగడం, ఆయాసం ఉంటే మాత్రం ఐదు నిమిషాలూ ఆగొద్దు, ఫోన్ నాకూ వద్దు, 108కే.

కొనేటప్పుడు అక్కడ బెంగళూరు ఎస్పీ రోడ్డులో అయినా, ఇక్కడ రిచీ స్ట్రీట్‌లో అయినా సీలు తీసిన పెట్టె తీసుకోకు. పాత యజమాని అకౌంట్ అంటిపెట్టుకుని ఉంటే జతపడదు. బిల్లు అమ్మ పేరునే రాయించు. రంగు అమ్మనే అడిగా: బూడిద రంగు, వెండి రంగు వద్దట, పింక్ గోల్డే కావాలట. డబ్బులు రాత్రికి పంపిస్తా.