తొమ్మిదో తరగతి సాంఘిక శాస్త్రం: వాదోపవాద కార్యక్రమ ప్రణాళిక

తీర్మానం: «జాతీయ ఎన్నికల్లో ఓటు హక్కు వయస్సును 16 ఏళ్లకు తగ్గించాలి.»

తరగతిలో 36 మంది విద్యార్థులున్నారు. కార్యక్రమానికి 45 నిమిషాల పీరియడ్లు మూడు కేటాయించాం. మొదటి రెండూ సన్నాహానికి, మూడోది వాదనకు. మాట్లాడే సమయం కంటే సన్నాహానికి రెట్టింపు సమయం ఎందుకని కొందరు అడగవచ్చు. ఆధారం వెదకని విద్యార్థి వేదిక మీద తన అభిప్రాయాన్నే గొంతు పెంచి చెబుతాడు, అప్పుడు మార్కులు గొంతుకు పడతాయి.

పాత్రలు

అనుకూల పక్షంలో ఐదుగురు, ప్రతికూల పక్షంలో ఐదుగురు ఉంటారు. ప్రతి పక్షంలో మొదటి వక్త తీర్మానంలోని పదాలకు అర్థం చెప్పి ప్రధాన వాదనను ప్రారంభిస్తారు, రెండో వక్త ఆధారాలు చూపుతారు, మూడో వక్త ఎదుటి పక్షాన్ని ఖండిస్తారు, నాలుగో వక్త సభ్యుల ప్రశ్నలకు జవాబిస్తారు, ఐదో వక్త ముగిస్తారు. అధ్యక్ష స్థానంలో ఒకరు, సమయపాలనకు ఇద్దరు, ఆధారాల పరిశీలనకు ముగ్గురు, న్యాయనిర్ణేతలుగా ఆరుగురు ఉంటారు. మిగిలిన 14 మంది సభ్యులు. వీరు ఊరికే కూర్చోరు. ఒక్కొక్కరు ఒక్కో పక్షాన్ని ఉద్దేశించి ఒక్కో ప్రశ్న ముందే రాసి తేవాలి.

సన్నాహం

మొదటి పీరియడ్‌లో వక్తలందరూ రెండు పక్షాల వాదనలనూ సిద్ధం చేస్తారు. ఎవరు ఏ పక్షమో రెండో పీరియడ్ సగంలో చీటీ తీసి తేలుస్తాం. నచ్చిన పక్షాన్నే ఎంచుకోనిస్తే ఎదుటివారి బలమైన వాదనను ఎవరూ వినరు, కాబట్టి ఈ నియమంలో సడలింపు లేదు. చీటీ తీసిన తరువాత మిగిలిన 20 నిమిషాల్లో జట్టు సభ్యులు పనులు పంచుకుని, ఎదురయ్యే ప్రశ్నలను ఊహించి జవాబులు రాసుకుంటారు.

ప్రతి వక్త రెండు ఆధార కార్డులు తయారు చేయాలి. కార్డులో వాస్తవం, అది దొరికిన చోటు, దాని నుంచి తీసిన నిర్ధారణ వేర్వేరు పంక్తుల్లో ఉండాలి. నమూనాగా మూడు వాస్తవాలు ఇస్తున్నాం. భారతదేశంలో 1988 నాటి 61వ రాజ్యాంగ సవరణ ఓటు వయస్సును 21 నుంచి 18కి తగ్గించింది. ఆస్ట్రియా 2007లో జాతీయ ఎన్నికలకు దీన్ని 16గా నిర్ణయించింది. బ్రెజిల్‌లో 16, 17 ఏళ్లవారు ఓటు వేయవచ్చు, కానీ వారికది తప్పనిసరి కాదు. ఈ మూడింటినీ ఏ పక్షమైనా వాడుకోవచ్చు. బ్రెజిల్ ఉదాహరణను అనుకూలురు «సాధ్యమే» అనడానికీ, ప్రతికూలురు «అక్కడ కూడా పూర్తి బాధ్యత మోపలేదు» అనడానికీ వాడగలరు. వాస్తవం ఒకటే, నిర్ధారణలు రెండు అని విద్యార్థి గమనించడమే ఈ కార్డుల ఉద్దేశం.

వాదన జరిగే క్రమం

మొదటి వక్తలకు, రెండో వక్తలకు తలా 3 నిమిషాలు. ముందు అనుకూల పక్షం, తరువాత ప్రతికూల పక్షం. ఆపై 2 నిమిషాల విరామంలో జట్లు మాట్లాడుకుంటాయి. ఖండనకు తలా 3 నిమిషాలు, సభ్యుల ప్రశ్నలకు 8 నిమిషాలు, ముగింపునకు తలా 2 నిమిషాలు. ముగింపులో ప్రతికూల పక్షం ముందు మాట్లాడుతుంది. కొత్త ఆధారం అక్కడ చెబితే లెక్కలోకి రాదు, ఎందుకంటే దానికి జవాబిచ్చే అవకాశం ఎదుటివారికి ఉండదు. మొత్తం 32 నిమిషాలు. మిగిలిన 13 నిమిషాలు మార్కులకు, చర్చకు. గడువుకు 30 సెకన్ల ముందు ఒకసారి, గడువు ముగిశాక రెండుసార్లు గంట కొడతారు.

మార్కులు

పక్షానికి 25 మార్కులు: ఆధారాలకు 8, తర్కానికి 6, ఎదుటివారి మాటకు నేరుగా స్పందించినందుకు 6, మర్యాదకు 3, సమయపాలనకు 2. ఉచ్చారణకు, యాసకు, గొంతు బలానికి మార్కులు లేవు. ఆధారం కార్డులో లేదని పరిశీలకులు తేలిస్తే ఆ అంశాన్ని లెక్కించరు.

న్యాయనిర్ణేతలను ఎంచేముందు తీర్మానంపై వారి సొంత అభిప్రాయం చీటీ మీద రాయించి, సమర్థించేవారు ముగ్గురు, వ్యతిరేకించేవారు ముగ్గురు ఉండేలా చూస్తాం. వారు ఒకరితో ఒకరు మాట్లాడకుండా ప్రతి ప్రసంగం ముగియగానే తమ పత్రంలో అంకెతో పాటు ఒక వాక్యం కారణం రాయాలి. చివరలో ఆరు మొత్తాల్లో అత్యధికం, అత్యల్పం తీసేసి మిగిలిన నాలుగింటి సగటు తీస్తాం. ఒక పక్షానికి 19, 17, 21, 16, 18, 12 వచ్చాయనుకుందాం. 21, 12 పోగా మిగిలినవి 70, సగటు 17.5. తేడా అర మార్కు లోపు ఉంటే సమానమని ప్రకటిస్తాం.

జట్టు గెలుపోటములు వ్యక్తిగత మార్కులను ప్రభావితం చేయవు. అవి ఉపాధ్యాయుడు వేసే 10 మార్కులు: వక్తలకు కార్డుల మీద, సభ్యులకు ప్రశ్నల మీద, న్యాయనిర్ణేతలకు రాసిన కారణాల మీద, మిగిలినవారికి తమ బాధ్యత నిర్వహించిన తీరు మీద. వేదిక మీద మాట్లాడటానికి జంకే విద్యార్థికి కూడా పూర్తి మార్కులు అందే దారి ఇదే.

వక్త రాకపోతే అదే జట్టులోని మరొకరు ఆ ప్రసంగం చేస్తారు. సమయం పెంచరు, మార్కులు తగ్గించరు. ఫలితం ప్రకటించిన తరువాత ప్రతి విద్యార్థి తాను అంగీకరించని పక్షం చెప్పిన అత్యంత బలమైన వాదనను ఐదు వాక్యాల్లో రాసి, మరుసటి తరగతికి తేవాలి.