గోదావరికి అటూ ఇటూ: రైతుబంధు ప్రభావాన్ని తేడాల తేడాతో కొలవడం

2018 మేలో తెలంగాణ ప్రభుత్వం రైతుబంధు మొదలుపెట్టింది. పట్టా ఉన్న రైతుకు ఎకరానికి, ఒక్కో పంటకాలానికి 4,000 రూపాయల పెట్టుబడి సాయం. గోదావరికి అవతల కాళేశ్వరం, మహదేవ్‌పూర్ రైతులకు ఆ డబ్బు వచ్చింది. ఇవతల మహారాష్ట్రలో, గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో ఉన్న తెలుగు రైతులకు రాలేదు. ఇంట్లో మాట్లాడే భాష ఒకటే, వేసే పత్తీ మిర్చీ ఒకటే, వియ్యాలు కూడా నది దాటి అందుకుంటారు. పథకం మాత్రం ఒక ఒడ్డునే ఆగింది. రైతుబంధు వల్ల రైతు బయట తెచ్చే అప్పు తగ్గిందా, తగ్గితే ఎంత అన్నది ఈ పేపర్ ప్రశ్న. దానికి వాడుతున్న పద్ధతి తేడాల తేడా, అంటే డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్.

ముందు ఏం కొలుస్తున్నామో చెప్పాలి. వానాకాలం మొదట్లో రైతు ఎరువుల దుకాణంలో ఉద్దెర పెడతాడు. విత్తన ప్యాకెట్లు, డీఏపీ, యూరియా, తర్వాత పురుగుమందు, అన్నీ దుకాణదారు ఖాతా పుస్తకంలో రైతు పేరు కింద ఎక్కుతాయి. పత్తి అమ్మాక వడ్డీతో తీరతాయి. కూలీలకు చేతిలో డబ్బు కావాలి కాబట్టి వడ్డీ వ్యాపారి దగ్గర ఇంకొంత తెస్తాడు. ఈ రెండూ కలిపి ఎకరానికి ఎంత అన్నదే మన కొలత. బ్యాంకు పంటరుణం ఇందులో కలపలేదు.

కింది అంకెలు లెక్క అర్థం కావడానికి నేను ఊహించినవి, సర్వేలో తేలినవి కావు. మహదేవ్‌పూర్ వైపు ఎకరానికి సగటు అప్పు 2017 వానాకాలంలో 9,000 రూపాయలు, 2018లో 7,500 అనుకుందాం. సిరొంచ వైపు 2017లో 8,000, 2018లో 8,800.

మహదేవ్‌పూర్ ఒక్కదాన్నే చూస్తే అప్పు 1,500 తగ్గింది. పత్రికా ప్రకటనల్లో సాధారణంగా కనిపించే లెక్క ఇదే, పథకానికి ముందు ఇంత, తర్వాత ఇంత అని. కానీ ఆ ఏడాది రైతు ఖర్చును కదిలించినవి ఇంకా ఉన్నాయి. డీజిల్, కూలి, వాన సంగతి తెలిసిందే. బీటీ పత్తి విత్తనం 450 గ్రాముల ప్యాకెట్ గరిష్ఠ ధరను కేంద్రం 800 నుంచి 740కి తగ్గించింది కూడా ఆ ఏడాదే. ఇవన్నీ ఆ 1,500లో కలిసిపోయి ఉంటాయి. పోనీ 2018లో రెండు ఒడ్లనూ పోలిస్తే మహదేవ్‌పూర్ 1,300 తక్కువలో ఉంది. ఇదీ సరిపోదు, ఎందుకంటే పథకం రాకముందే రెండింటి మధ్య 1,000 తేడా ఉంది, అదీ ఎదురు దిక్కున.

సిరొంచలో పథకం లేకుండానే అప్పు 800 పెరిగింది. రైతుబంధు రాకపోయి ఉంటే మహదేవ్‌పూర్‌లో కూడా అంతే పెరిగేదని ఒప్పుకుంటే, అక్కడ 2018 అప్పు 9,800 ఉండాలి. వాస్తవంగా ఉన్నది 7,500. కాబట్టి పథకం వల్ల తగ్గింది 2,300.

```
(7500 - 9000) - (8800 - 8000) = -1500 - 800 = -2300
```

రిగ్రెషన్‌గా, అంటే ఒకే సమీకరణంగా రాస్తే ఇలా ఉంటుంది. Y అంటే ఎకరానికి సగటు అప్పు. T అంటే రైతు తెలంగాణ వైపు ఉంటే 1, లేకపోతే 0. P అంటే 2018 అయితే 1, 2017 అయితే 0.

```
Y = 8000 + 1000*T + 800*P - 2300*(T*P)
```

చివరి గుణకమే మనకు కావలసిన జవాబు. రెండు ఒడ్ల మధ్య మొదటి నుంచీ ఉన్న తేడాను 1000 మోస్తోంది, రెండు చోట్లా ఆ ఏడాది వచ్చిన మార్పును 800 మోస్తోంది. విత్తనం ధర తగ్గింపు లాంటిది ఇద్దరికీ ఒకేలా తగిలితే ఈ 800లోనే కలిసి, తీసివేతలో పోతుంది.

సరిహద్దును ఇలా వాడుకోవడం కొత్త కాదు. అమెరికాలో న్యూజెర్సీ 1992 ఏప్రిల్‌లో కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచింది. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలెన్ క్రూగర్ దాన్ని పక్కనే ఉన్న తూర్పు పెన్సిల్వేనియాతో పోల్చారు. ఒక్కో ఫాస్ట్‌ఫుడ్ హోటల్లో సగటు ఉద్యోగులు న్యూజెర్సీలో 20.44 నుంచి 21.03కు చేరారు, పెన్సిల్వేనియాలో 23.33 నుంచి 21.17కు తగ్గారు. తేడాల తేడా దాదాపు 2.75. వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయన్న నమ్మకాన్ని 1994లో అచ్చయిన ఆ అధ్యయనం గట్టిగా కదిలించింది.

ఈ పద్ధతిలో తీసివేత ఎవరైనా చేస్తారు. అసలు బరువంతా "మహదేవ్‌పూర్‌లో కూడా అంతే పెరిగేది" అన్న ఒక్క మాట మీద ఉంది. దీన్నే సమాంతర ధోరణి అంటారు. రెండు చోట్లా అప్పు సమానంగా ఉండనక్కర్లేదు, ఒకేలా కదిలితే చాలు. పథకం లేని మహదేవ్‌పూర్‌ను 2018లో ఎవరూ చూడలేరు కాబట్టి దీన్ని నేరుగా రుజువు చేయలేం. వెనకటి ఏళ్లు మాత్రం చూడగలం. 2015, 2016, 2017లో మహదేవ్‌పూర్ 8,200, 8,600, 9,000గా, సిరొంచ 7,200, 7,600, 8,000గా వచ్చి ఉంటే ధైర్యం కలుగుతుంది. అలా కాకుండా మహదేవ్‌పూర్ 9,800, 9,400, 9,000గా దిగుతూ వచ్చిందనుకోండి. అప్పుడు రెండింటి మధ్య తేడా ఏటా 800 చొప్పున తగ్గుతోందన్నమాట. పథకం లేకున్నా 2018లో ఇంకో 800 తగ్గేదే. 2,300లో రైతుబంధు ఖాతాకు మిగిలేది 1,500.

ఈ ప్రాంతంలో ఆ మాటను దెబ్బతీసేవి రెండు ఉన్నాయి. 2017 జూన్‌లో మహారాష్ట్ర రైతు రుణమాఫీ ప్రకటించింది. దానివల్ల సిరొంచ రైతు పాత బాకీ తీరి, 2018లో బ్యాంకు కొత్త రుణం ఇచ్చి ఉంటే, అతని ఉద్దెర తగ్గి ఉంటుంది. అంటే మాఫీ లేకపోతే సిరొంచలో పెరుగుదల 800 కన్నా ఎక్కువే ఉండేది, మన 2,300 అసలు ప్రభావం కన్నా తక్కువ చూపిస్తోంది. రెండోది మేడిగడ్డ బ్యారేజీ. 2019 జూన్‌లో కాళేశ్వరం ప్రాజెక్టు ప్రారంభమయ్యాక వెనుక జలాల ముంపు సిరొంచ వైపు పొలాలకూ తగిలింది. 2019ని "తర్వాత" ఏడాదిగా తీసుకుంటే, పంట పోయి సిరొంచ రైతు చేసిన అప్పు మన లెక్కలో రైతుబంధు ఘనతగా కనిపిస్తుంది. ఇది రైతుకు అన్యాయం, లెక్కకూ అన్యాయం. అందుకే ఈ పేపర్ 2018 వానాకాలం దగ్గరే ఆగుతుంది.

ఒకరి ప్రభావం ఇంకొకరికి పాకడం కూడా చూసుకోవాలి. గోదావరి మీద వంతెన ఉంది. అవతలి వ్యాపారి దగ్గర ఉద్దెర అడిగేవాళ్లు తగ్గితే, ఆ సరుకు సిరొంచ రైతుకు సులువుగా దొరకవచ్చు, అతని అప్పు పెరగవచ్చు. అందుకని సర్వేలో ఏ ఊరి దుకాణంలో ఖాతా ఉందో విడిగా అడగాలి. ఎంతమంది రైతులను అడిగినా పోలుస్తున్నది రెండు ప్రాంతాలనే, ఆ ప్రాంతమంతటికీ ఒకేసారి తగిలే దెబ్బ అందరి అప్పునూ కలిపే కదిలిస్తుంది. రైతుల సంఖ్య పెంచినంత మాత్రాన జవాబు మీద నమ్మకం పెరిగిపోదు.

మిగిలిన అనుమానానికి కౌలు రైతులు ఒక పరీక్ష. రైతుబంధు పట్టాదారుకే తప్ప కౌలుదారుకు రాలేదు. మహదేవ్‌పూర్ కౌలు రైతులనూ సిరొంచ కౌలు రైతులనూ తీసుకుని ఇదే తీసివేత మళ్లీ చేస్తాను. సున్నాకు దగ్గరగా వస్తే 2,300 నిలబడుతుంది. అక్కడా 2,000 పైన తగ్గితే, భూస్వామి కౌలు తగ్గించాడా అని ముందు అడగాలి. తగ్గించలేదని తేలితే ఆ 2,300ను రైతుబంధు పేరున రాయకూడదు.