చర్చ: వెనిగర్‌లో అసిటిక్ ఆమ్లం అంచనా, ఎండ్ పాయింట్ దోషానికీ సూచికకూ ఉన్న సంబంధం

ఒకే వెనిగర్, ఒకే NaOH ద్రావణం, ఒకే బ్యూరెట్. మార్చింది సూచికను మాత్రమే. అయినా వెనిగర్ బలం ఫినాఫ్తలీన్‌తో 4.03 శాతం, మిథైల్ రెడ్‌తో 3.88 శాతం, మిథైల్ ఆరెంజ్‌తో 1.22 శాతం వచ్చింది. సీసా మీద ఉన్నది 4 శాతం. ఈ తేడాల్లో చేతి పొరపాటు ఎంత, సూచిక వల్ల వచ్చింది ఎంత అన్నదే ఈ చర్చలో తేల్చవలసిన విషయం.

25 మి.లీ. వెనిగర్‌ను 250 మి.లీ.కి విలీనం చేసి, ప్రతిసారీ 20 మి.లీ. పిపెట్‌తో తీసుకున్నాం. ఆక్సాలిక్ ఆమ్లంతో ప్రామాణీకరించిన NaOH గాఢత 0.0980 M. వచ్చిన రీడింగులు మి.లీ.లలో ఇవి:

ఫినాఫ్తలీన్: 13.70, 13.75, 13.65 (సగటు 13.70)
మిథైల్ రెడ్: 13.1, 13.3, 13.2 (సగటు 13.2)
మిథైల్ ఆరెంజ్: 3.4, 4.9, 4.1 (సగటు 4.13)

ముందుగా మిథైల్ ఆరెంజ్ సంగతి. తుల్య బిందువు 13.70 మి.లీ. దగ్గర ఉందనుకుంటే ఈ దోషం మైనస్ 70 శాతం. బ్యూరెట్ సరిగా చదవకపోవడం వల్లో, కొనలో గాలి బుడగ ఉండిపోవడం వల్లో ఇంత తేడా రాదు. అసిటిక్ ఆమ్లం బలహీన ఆమ్లం కాబట్టి NaOH పడడం మొదలవగానే ఫ్లాస్క్‌లో ఆమ్లం, దాని లవణం కలిసి బఫర్‌గా మారిపోతాయి. అక్కడ pH ఎంతో ఈ సమీకరణం చెబుతుంది:

```
pH = pKa + log [ V / (Ve − V) ]
```

అసిటిక్ ఆమ్లం pKa విలువ 4.76. Ve అంటే తుల్య బిందువు ఘనపరిమాణం, V అంటే మనం ఆపిన చోటు. V = 4.13 వేస్తే pH 4.40 వస్తుంది. మిథైల్ ఆరెంజ్ ఎరుపు నుంచి పసుపుకు మారే అవధి 3.1 నుంచి 4.4 వరకు. అంటే సూచిక తన పని తాను సరిగ్గానే చేసింది. పూర్తిగా పసుపైన చోట మేము ఆపాం. అయితే ఆ చోటికి ఫ్లాస్క్‌లోని ఆమ్లంలో 30 శాతమే తటస్థమైంది.

రీడింగులు ఎందుకు అంత చెదిరాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. 3.4 మి.లీ. దగ్గర pH 4.28, 4.9 దగ్గర 4.51. రెండింటికీ తేడా 0.23 మాత్రమే. అంత చిన్న తేడాను రంగు చూసి కనిపెట్టడం ఎవరి కంటికైనా కష్టం. కానీ బఫర్ ప్రాంతంలో వక్రం దాదాపు చదునుగా ఉంటుంది కాబట్టి ఆ 0.23 కాస్తా బ్యూరెట్ మీద 1.5 మి.లీ. అయి కూర్చుంది. టైట్రేషన్ చేస్తున్నప్పుడు చూసింది కూడా ఇదే. మొదటి మిల్లీలీటరు నుంచే ఎరుపు నారింజలోకి, నారింజ పసుపులోకి నెమ్మదిగా జారుతూ పోయింది. 'ఇదిగో మారింది' అని చెప్పగల చుక్క ఒక్కటీ లేదు. అలాంటి మూడు రీడింగుల సగటు తీసినంత మాత్రాన అది కొలత అయిపోదు.

నిజానికి జాగ్రత్తపడవలసింది మిథైల్ రెడ్ విషయంలో. ఆరెంజ్ తప్పు చూడగానే తెలిసిపోతుంది. రెడ్ తప్పు అలా దొరకదు. మూడు రీడింగులూ 0.2 మి.లీ. లోపలే ఉన్నాయి, 3.88 శాతం అన్న జవాబూ నమ్మదగినట్టే కనిపిస్తుంది. ఇదొక్కటే చేసి ఉంటే 'సీసా తెరిచి చాలా రోజులైంది, కొంత ఆమ్లం ఆవిరైపోయి ఉంటుంది' అని రాసి ముగించేవాళ్లం. అదే సమీకరణంలో V = 13.2 వేస్తే pH 6.18 వస్తుంది. మిథైల్ రెడ్ పూర్తిగా పసుపయ్యేది సుమారు 6.2 దగ్గర. తుల్య బిందువు దగ్గర మన ద్రావణంలో సోడియం అసిటేట్ గాఢత 0.040 M, దాని జలవిశ్లేషణ వల్ల అక్కడి pH 8.7. కాబట్టి సూచిక రెండున్నర యూనిట్ల ముందే ఆగమంది. దోషం మైనస్ 3.6 శాతం. ఎన్నిసార్లు చేసినా అదే వైపు, దాదాపు అంతే వస్తుంది. ఇది క్రమదోషం. రీడింగులు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఫలితం సరైనదే అనుకోవడానికి వీల్లేదు.

ఇక్కడ ఒక ప్రశ్న న్యాయమైనదే. Ve = 13.70 అన్నది కూడా ఒక సూచిక ఇచ్చిన విలువే కదా, దాన్నెలా నమ్మాలి? pH మీటరు వాడలేదు కాబట్టి నేరుగా రుజువు లేదు. కానీ Ve ని 14.0 అనుకుని చూస్తే మిథైల్ రెడ్ ఆగిన pH 5.98కి దిగుతుంది, 13.5 అనుకుంటే 6.4కి ఎక్కుతుంది. పూర్తి పసుపు రంగుకు రెండూ అతకవు. 13.7 అతుకుతుంది. పైగా ఫినాఫ్తలీన్ గులాబీ రంగు కనబడడం మొదలయ్యేది 8.2, 8.3 దగ్గర. లెక్క ప్రకారం ఇక్కడ తుల్య బిందువుకు ఒక చుక్క (0.05 మి.లీ.) ముందు pH 7.2, ఒక చుక్క తర్వాత 10.2. రంగు మారే అవధిలో ఎక్కువ భాగం ఆ రెండు చుక్కల మధ్యే ఇమిడిపోతుంది. ఒక చుక్క ఎక్కువ పడినా దోషం 0.37 శాతం దాటదు. బ్యూరెట్ రెండు రీడింగుల అనిశ్చితి కలిపితే 0.7 శాతం అవుతుంది. అంటే ఫినాఫ్తలీన్ వాడినప్పుడు సూచిక కంటే బ్యూరెట్టే పెద్ద దోష కారణం.

మిథైల్ ఆరెంజ్ పనికిరాని సూచిక అని దీనికి అర్థం కాదు. సరిచూడడానికి సుమారు 0.1 M HCl 20 మి.లీ. తీసుకుని అదే NaOHతో టైట్రేట్ చేస్తే ఫినాఫ్తలీన్‌తో 20.4, మిథైల్ ఆరెంజ్‌తో 20.3 మి.లీ. వచ్చాయి. బలమైన ఆమ్లం కాబట్టి తుల్య బిందువు దగ్గర pH నిటారుగా లేస్తుంది, ఏ సూచికైనా ఆ ఎత్తులో ఎక్కడో ఒకచోట తగులుతుంది. మిగిలిన 0.1 మి.లీ.కి రెండు కారణాలు ఉండవచ్చు. ఆరెంజ్‌ను పూర్తి పసుపు కాకముందే నారింజ దగ్గర ఆపితే ఇంచుమించు 0.08 మి.లీ. తగ్గుతుంది. NaOH గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని ఉంటే ఆ కార్బొనేట్‌ను ఫినాఫ్తలీన్ సగమే లెక్కిస్తుంది, ఆరెంజ్ మొత్తం లెక్కిస్తుంది. ఇదీ ఆరెంజ్ రీడింగును తగ్గించేదే. రెండూ ఒకే వైపు లాగుతున్నందున ఈ ప్రయోగంతో వాటిని విడదీయలేం.

ప్రామాణీకరణకూ వెనిగర్‌కూ ఒకే సూచిక వాడితే దోషాలు కొట్టుకుపోతాయని అనిపించవచ్చు. ఒకటి రెండు చుక్కల దోషం విషయంలో అది కొంతవరకు నిజం. మిథైల్ ఆరెంజ్ విషయంలో కుదరదు. ఆక్సాలిక్ ఆమ్లం రెండో pKa 4.27 కాబట్టి pH 4.4 దగ్గర దాని టైట్రేషన్ సుమారు 79 శాతం పూర్తవుతుంది. అదే pH దగ్గర అసిటిక్ ఆమ్లం 30 శాతమే. ఒకటి ఇరవై ఒక శాతం, ఇంకొకటి డెబ్బై శాతం తక్కువ చూపిస్తే అవి ఎలా కొట్టుకుపోతాయి?

ఫినాఫ్తలీన్ ఎండ్ పాయింట్ దగ్గర వచ్చిన లేత గులాబీ రంగు కాసేపటికి వెలిసిపోయింది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల జరిగేదే ఇది. కాబట్టి రంగు ముప్పై సెకన్లు నిలిస్తే చాలని తీసుకుని, వెలిసిన తర్వాత మళ్లీ NaOH కలపలేదు. కలిపి ఉంటే ఫలితం 4.03 కంటే పైకి పోయేది.