చార్జరు గురించి చిన్న మనవి

మాస్టారికి నమస్కారం.

మూడు వారాల కిందట, మనం పరీక్షల మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కిస్తున్న రోజున, మీ ఫోను ఆగిపోయిందని స్టాఫ్ రూములో నా దగ్గర తీసుకున్న తెల్ల చార్జరు మీకు గుర్తుండే ఉంటుంది. వైరు మెడ దగ్గర చిట్లితే నేనే నల్ల ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు చుట్టాను కనుక, మీ ఇంట్లో ఎన్ని చార్జర్ల మధ్య కలిసిపోయినా దాన్ని ఇట్టే పోల్చుకోవచ్చు.

ఇన్నాళ్లూ అడగకపోవడానికి మొహమాటమే కారణం. ప్రస్తుతం మా అమ్మాయి చార్జరుతో నెట్టుకొస్తున్నాను గాని, రాత్రి తొమ్మిదయ్యేసరికి తనకూ అదే కావాలి, నాకూ అదే కావాలి. ఆ పంచాయితీలో నేను నెగ్గిన రోజు ఒక్కటీ లేదు.

వీలైతే సోమవారం బడికి వచ్చేటప్పుడు సంచిలో వేసుకురాగలరు. నేను తరగతిలో ఉంటే నా బల్ల సొరుగులో పెట్టినా సరిపోతుంది. ఒకవేళ అది ఎక్కడైనా జారిపోయి ఉంటే ఆ మాట చెప్పండి చాలు. పాత వస్తువే కనుక మీరు కొత్తది కొనే పని పెట్టుకోవద్దు.

అన్నట్టు, వానలో మీరిచ్చిన గొడుగు ఇంకా మా ఇంట్లోనే ఉంది. అదీ సోమవారమే తెచ్చిస్తాను.

ఇట్లు,
మీ పక్క బల్ల లెక్కల టీచరు