అపార్ట్‌మెంట్ ఓనర్స్ అసోసియేషన్, మియాపూర్: సర్వసభ్య సమావేశం మినిట్స్

2025 మార్చి 9, ఆదివారం ఉదయం 10.45 గంటలకు సెల్లార్‌లో అధ్యక్షుల (ఫ్లాట్ 101) ఆధ్వర్యంలో సమావేశం మొదలైంది. మొత్తం 20 ఫ్లాట్లకుగాను 13 ఫ్లాట్ల యజమానులు స్వయంగా హాజరు కాగా, 204, 504 ఫ్లాట్ల యజమానులు తమ తరఫున ఓటు వేసే అధికారం ఇస్తూ లేఖలు పంపారు. నియమావళి ప్రకారం కోరం 7 ఫ్లాట్లు కాబట్టి కోరం ఉన్నట్లు ప్రకటించారు. 301, 402 ఫ్లాట్లలో అద్దెకున్నవారు యజమానుల లేఖ లేకుండా వచ్చినందున వారికి మాట్లాడే అవకాశం ఇచ్చారు గానీ ఓట్ల లెక్కలో చేర్చలేదు.

గత సమావేశం మినిట్స్ చదివినప్పుడు, సీసీ కెమెరాల తీర్మానం ‘ఏకగ్రీవంగా’ ఆమోదం పొందిందని రాయడంపై 302 ఫ్లాట్ యజమాని అభ్యంతరం తెలిపారు. నాటి ఓటింగ్ పట్టీ చూడగా అనుకూలం 12, వ్యతిరేకం 2 అని తేలింది. ఆ మాటను ‘మెజారిటీతో’ అని దిద్ది, పక్కన అధ్యక్షులు సంతకం చేశాక మినిట్స్‌ను ఆమోదించారు.

1వ తీర్మానం. ఫిబ్రవరిలో 26 ట్యాంకర్లకు, ఒక్కోదానికి రూ.900 చొప్పున, రూ.23,400 ఖర్చయిందని, బోరులో నీళ్లు తగ్గినందున మార్చిలో ఇంకా పెరగవచ్చని కోశాధికారి బిల్లులు చూపించారు. ఏప్రిల్ 1 నుంచి ట్యాంకర్ల ఖర్చును మెయింటెనెన్స్‌లో కలపకుండా విడిగా అన్ని ఫ్లాట్లకు సమానంగా పంచాలని 203 ఫ్లాట్ యజమాని ప్రతిపాదించగా 401 బలపరిచారు. నెలంతా తాళం వేసి ఉన్న ఫ్లాట్లను మినహాయించాలని 504 ప్రతినిధి సవరణ ప్రతిపాదించగా 302 బలపరిచారు. చర్చ సుమారు అరగంట సాగింది. వ్యక్తిగతంగా అన్న మాటలను ఇక్కడ నమోదు చేయడం లేదు.

ముందుగా సవరణను ఓటింగ్‌కు పెట్టారు: అనుకూలం 5, వ్యతిరేకం 9, తటస్థం 1. సవరణ వీగిపోయింది. తర్వాత అసలు తీర్మానం: అనుకూలం 10, వ్యతిరేకం 4, తటస్థం 1. తీర్మానం ఆమోదం పొందింది. తన అసమ్మతిని నమోదు చేయాలని 302 యజమాని కోరారు, నమోదు చేయడమైనది.

మధ్యాహ్నం 12.10కి 103 ఫ్లాట్ యజమాని వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఓట్లు 14.

2వ తీర్మానం. వానాకాలం లోపు ఇంకుడు గుంత పూడిక తీయించి కంకర మార్పించే పనిని, వచ్చిన రెండు కొటేషన్లలో తక్కువైన రూ.18,000 వారికి ఇవ్వాలి. ప్రతిపాదన 202, బలపరిచినవారు 403. అనుకూలం 14. ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

3వ తీర్మానం. వాచ్‌మన్ జీతాన్ని రూ.13,000 నుంచి రూ.15,000కు పెంచాలి. ప్రతిపాదన 303, బలపరిచినవారు 104. అనుకూలం 7, వ్యతిరేకం 7. ఫ్లాట్ 101 ఓటు ఈ లెక్కలోనే ఉంది. ఓట్లు సమానమైనప్పుడు నియమావళి ప్రకారం తనకుండే నిర్ణాయక ఓటును వాడబోనని అధ్యక్షులు చెప్పినందున తీర్మానం ఆమోదం పొందలేదు. జీతం యథాతథంగా కొనసాగుతుంది; ఇదే అంశాన్ని తదుపరి సమావేశం ఎజెండాలో చేర్చాలని 303 కోరగా అధ్యక్షులు అంగీకరించారు.

సమావేశం 12.50కి ముగిసింది.

నమోదు చేసినవారు: కార్యదర్శి (ఫ్లాట్ 201)